క్లినికల్ ట్రయల్‌లో చేరమన్నారా? సంతకానికి ముందు ఆ మందు ఏ దశలో ఉందో తెలుసుకోవడం ఎలా

దేవరకొండ దగ్గరి ఊళ్లో ఉండే మీ పెద్దనాన్నకు 58 ఏళ్లు, పదేళ్లుగా షుగర్ అనుకుందాం. మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నా మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ 8.4 దగ్గరే ఆగిపోయింది. హైదరాబాద్‌లో చూపిస్తే డాక్టరు, “ఒక కొత్త మాత్ర మీద ట్రయల్ నడుస్తోంది, ఇష్టమైతే చేరండి. మందులు, పరీక్షలు, దారి ఖర్చులు వాళ్లే పెట్టుకుంటారు” అన్నారు. చేతికి ఇరవై పేజీల కాగితం ఇచ్చారు. ఆయన దాన్ని మడిచి మీ చేతిలో పెట్టి, “చూసి చెప్పు” అన్నారు.

ఆ చూడటం ఎలాగో చెప్పడానికే ఇది రాస్తున్నాను. కొన్నేళ్లు ట్రయల్ కోఆర్డినేటర్‌గా పనిచేశాను. వచ్చేవాళ్లలో ఎక్కువమంది “ప్రమాదమేమీ లేదు కదా?” అని అడుగుతారు. దానికి ఎవరైనా “ఏమీ లేదు” అనే అంటారు. ప్రశ్న మార్చి అడగాలి: ఈ మందు గురించి ఇప్పటికి ఏం తెలుసు, ఏం తెలుసుకోవడానికి మమ్మల్ని పిలుస్తున్నారు? ట్రయల్ దశల అంకెలు ఈ ప్రశ్నకే జవాబు. పెద్దనాన్న, ఆయన ట్రయల్ అంకెలు నేను ఉదాహరణకు కల్పించినవి. మిగతావన్నీ నిజంగా జరిగినవి, అమల్లో ఉన్న నిబంధనలు.

1. ముందు అది ఏ రకం అధ్యయనమో తేల్చండి

జడ్చర్ల దగ్గర పోలేపల్లిలో, చౌటుప్పల్ వైపు మందుల ఫ్యాక్టరీలు చూసి, కొత్త మందులు అక్కడే మనుషుల మీద పరీక్షిస్తారని అనుకునేవాళ్లున్నారు. అక్కడ జరిగేది తయారీ. మనుషుల మీద పరీక్ష జరిగేది ఆసుపత్రుల్లో, లేదా అందుకోసం అనుమతి పొందిన కేంద్రాల్లో.

ఆ పరీక్షలు కూడా రెండు రకాలు. ఊళ్లో ఎవరైనా మధ్యవర్తి ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లను పోగుచేసి, “రెండు మూడు రోజులు ఉండి రక్తం ఇస్తే డబ్బులు” అన్నాడంటే అది చాలావరకు బయో ఈక్వివలెన్స్ అధ్యయనం. అందులో మందు కొత్తది కాదు. ఇప్పటికే అమ్ముడవుతున్న మందును ఇంకో కంపెనీ తయారు చేస్తే, అది కూడా రక్తంలోకి అదే మోతాదులో, అదే వేగంతో చేరుతోందా అని చూస్తారు. మందు పాతదే అయినా ప్రమాదం వేరే దారిలో వస్తుంది. ఒక అధ్యయనానికీ ఇంకోదానికీ మధ్య సాధారణంగా మూడు నెలల విరామం అడుగుతారు. డబ్బు కోసం ఆ సంగతి దాచి, వేర్వేరు కేంద్రాల్లో వెంటవెంటనే పేరు రాయించుకునేవాళ్లున్నారు. పాత మందు ఒంట్లోంచి పూర్తిగా పోకముందే కొత్తది పడుతుంది, తీసిన రక్తం తిరిగి ఊరకముందే మళ్లీ తీస్తారు. వెనక మధ్యవర్తి ఉంటే ఆ పనికి వెళ్లొద్దనే నేను చెబుతాను.

పెద్దనాన్నది ఆ రకం కాదు. ఆయనకు జబ్బు ఉంది, మందు కొత్తది. కాబట్టి అది అసలైన క్లినికల్ ట్రయల్.

2. రిజిస్ట్రీలో వెతకండి

మన దేశంలో ప్రతి ట్రయల్‌నూ, అందులో మొదటి మనిషిని చేర్చుకోకముందే, సీటీఆర్‌ఐ అనే జాతీయ రిజిస్ట్రీలో నమోదు చేయాలి. 2007లో మొదలైన ఈ నమోదు 2009 జూన్ నుంచి తప్పనిసరి అయింది. ఫోనులో ctri.nic.in తెరిస్తే ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. ఇచ్చిన కాగితంలో నంబరు లేకపోతే డాక్టరునో కోఆర్డినేటరునో అడగండి. సరైన ట్రయల్ అయితే నంబరు చెప్పడానికి ఎవరూ వెనకాడరు.

అలవాటు కోసం ముందుగా మనకు తెలిసినదాన్నే వెతికి చూడండి: CTRI/2020/11/028976. హైదరాబాద్‌లో తయారైన కోవాక్సిన్ టీకా మూడో దశ ట్రయల్ ఇది. పేజీ పొడవుగా ఉంటుంది, అంతా చదవనక్కర్లేదు. Phase of Trial అన్నచోట దశ ఉంటుంది. Target Sample Size అన్నచోట మొత్తం ఎంతమందిని చేర్చుకోదలిచారో ఉంటుంది. ఈ ట్రయల్‌కు ఆ సంఖ్య 25,800. Regulatory Clearance Status from DCGI అన్నచోట కేంద్ర ఔషధ నియంత్రణాధికారి అనుమతి వచ్చిందా లేదా అని ఉంటుంది. ఆ కిందా మీదా ఆసుపత్రుల జాబితా, ప్రతి ఆసుపత్రికి ఎథిక్స్ కమిటీ, అంటే చేరేవాళ్ల హక్కులూ భద్రతా చూసే కమిటీ, ఇచ్చిన అనుమతి వివరం కనిపిస్తాయి.

ఇక పెద్దనాన్న ట్రయల్‌కు వద్దాం. దశ 3, మొత్తం 600 మంది, 26 వారాలు. ముగ్గురిలో ఇద్దరికి కొత్త మాత్ర, ఒకరికి అదే రూపంలో ఉండే ఉత్తుత్తి మాత్ర, అంటే ప్లాసిబో. మెట్‌ఫార్మిన్ మాత్రం ఎవరూ మానరు.

ఇక్కడ మూడు సంగతులు సరిచూడండి. మీకు చెప్పిన ఆసుపత్రి పేరు జాబితాలో ఉండాలి. ఆ ఆసుపత్రికి ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చి ఉండాలి, ‘పరిశీలనలో ఉంది’ అంటే చాలదు. కాగితం మీద రాసిన దశా, పేజీలో కనిపించే దశా ఒకటే కావాలి. ఏ ఒక్కటి తేడా వచ్చినా సంతకం ఆపి కారణం అడగండి. పేజీని తాజా సమాచారంతో సవరించకపోవడం వల్ల కూడా తేడా రావచ్చు. అప్పుడు అనుమతి పత్రం చూపించమనండి.

3. ‘దశ 3’ అనే మాట వెనక ఏముందో చదవండి

పెద్దనాన్న దాకా వచ్చిన ఈ మాత్ర ప్రయోగశాలలో కణాల మీద పనిచేసింది, తర్వాత జంతువుల దగ్గరికి వెళ్లింది. మామూలు మాత్రలకు కనీసం రెండు జాతుల జంతువుల్లో విషప్రభావం చూస్తారు, ఒకటి ఎలుక జాతి, రెండోది కుక్కలాంటి వేరే జాతి. ఏ మోతాదు దాకా హాని కనిపించలేదో తేల్చి, అక్కడి నుంచి మనిషికి ఇచ్చే మొదటి మోతాదు లెక్క కడతారు.

ఆ లెక్క ఇలా ఉంటుంది. ఎలుకకు కిలో బరువుకు 50 మిల్లీగ్రాముల దాకా హాని లేదనుకుందాం. చిన్న జంతువు శరీర ఉపరితలం దాని బరువుతో పోలిస్తే ఎక్కువ, మందును త్వరగా ఖర్చు చేసుకుంటుంది. అందుకని ఎలుక లెక్కను 6.2తో భాగించి మనిషికి మారుస్తారు. కిలోకు సుమారు 8 మిల్లీగ్రాములు వస్తుంది. మనిషి ఎలుక కాదు కాబట్టి జాగ్రత్త కోసం ఇంకో పదితో భాగిస్తారు, 0.8 అవుతుంది. 60 కిలోల మనిషికి మొదటి మోతాదు 48 మిల్లీగ్రాములు దాటకూడదని తేలుతుంది. రెండో జంతువు లెక్క ఇంతకంటే తక్కువ వస్తే దాన్నే పట్టుకుంటారు.

ఇంత జాగ్రత్త పడ్డా తప్పిన సందర్భం ఉంది. 2006 మార్చి 13న లండన్‌లోని ఒక ఆసుపత్రి ఆవరణలో టీజీఎన్1412 అనే మందును ఆరోగ్యంగా ఉన్న ఆరుగురు యువకులకు మొదటిసారి ఎక్కించారు. వాళ్లకు ఇచ్చింది కోతులకు హాని చేయని మోతాదులో ఐదువందో వంతు మాత్రమే. అయినా కొన్ని గంటల్లోనే ఆరుగురికీ అవయవాలు దెబ్బతిని ఇంటెన్సివ్ కేర్‌లో పడ్డారు. అందరూ బతికారు, కానీ చావు అంచుదాకా వెళ్లి వచ్చారు. ఈ మందు పట్టుకునే గ్రాహకం మనిషి రోగనిరోధక కణాల్లో కొన్నింటి మీద ఉంది, కానీ కోతుల్లోని అవే కణాల మీద లేదు. కోతులు ఈ ప్రమాదాన్ని చూపించే అవకాశమే లేకపోయింది. పైగా ఒకరికి ఎక్కించి, ఏమవుతుందో చూడకుండా, పది నిమిషాల తేడాతో ఇంకొకరికి ఎక్కిస్తూ పోయారు. ఆ తర్వాత ఇలాంటి మందులను మొదట ఒక్కరికే ఇచ్చి, తగినంతసేపు గమనించి, ఆపైనే రెండోవారికి ఇవ్వడం పద్ధతిగా స్థిరపడింది. మిమ్మల్ని ఎప్పుడైనా దశ 1కు పిలిస్తే, “మొదటి మనిషికీ రెండో మనిషికీ మధ్య ఎంత వ్యవధి ఇస్తున్నారు?” అన్న ప్రశ్న తప్పక అడగండి.

దశ 1లో పదుల సంఖ్యలో మనుషులుంటారు, సాధారణంగా ఆరోగ్యవంతులు. ఎంత మోతాదు తట్టుకోగలరు, మందు ఒంట్లో ఎంతసేపు ఉంటుంది అన్నవే అక్కడి ప్రశ్నలు. క్యాన్సర్ మందులకు మాత్రం మొదటి నుంచీ రోగులే ఉంటారు. దశ 2లో వంద, రెండు వందల మంది రోగులకు ఇచ్చి, మందు ఆ జబ్బుకు పనిచేసే సూచన ఉందా, ఏ మోతాదు బాగుంది అని చూస్తారు. దశ 3లో ఇప్పటికే ఉన్న వైద్యంతోనో ప్లాసిబోతోనో పోల్చి, నిజంగా మేలు జరుగుతోందని రుజువు చేయాలి. దశల మధ్య సరిహద్దులు ఎప్పుడూ ఇంత స్పష్టంగా ఉండవు. కోవాక్సిన్‌కు 1, 2 దశలు కలిపి ఒకే నమోదు కింద జరిగాయి, మొదటిదానిలో 375 మంది, రెండోదానిలో 380 మంది. ఇంకో మాట, విదేశాల్లో కనిపెట్టిన మందు అయితే మొదటి దశలు అక్కడే జరిగి, మన ఆసుపత్రికి నేరుగా దశ 3గా రావచ్చు. అప్పుడు ముందు దశల్లో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో అడగండి.

ఇప్పుడు పెద్దనాన్న కాగితంలో ‘ఇంతవరకు ఈ మందు ఎంతమంది తీసుకున్నారు’ అన్న భాగం వెతకండి. 180 మంది తీసుకున్నారని, ఎవరికీ కాలేయం దెబ్బతినలేదని ఉందనుకుందాం. వినడానికి బాగుంది, కానీ దీన్ని ఎంతవరకు నమ్మవచ్చు? గణాంకశాస్త్రంలో ఒక సులువైన సూత్రం ఉంది. ఒక హాని ఎవరిలోనూ కనిపించకపోతే, మొత్తం మందిని మూడుతో భాగించండి. 180ని మూడుతో భాగిస్తే 60. కాలేయానికి హాని అరవై మందిలో ఒకరికంటే ఎక్కువగా ఉండకపోవచ్చని మాత్రమే ఆ 180 మంది ధీమా ఇవ్వగలరు. వంద మందిలో ఒకరికి వచ్చే హాని ఉండి కూడా వాళ్లలో కనిపించకుండా పోయి ఉండవచ్చు. ఈ ట్రయల్‌లో 600 మందిలో 400 మందికి మందు పడుతుంది. అది ముగిసినా ధీమా సుమారు 130 మందిలో ఒకరి దాకానే.

డాక్టరు “ఇప్పటిదాకా ఎవరికీ ఏమీ కాలేదు” అంటే ఈ భాగహారం చేసి చూడండి.

4. ఉత్తుత్తి మాత్ర వస్తే ఏమిటి?

ఇళ్లలో ఎక్కువ కోపం తెప్పించే విషయం ఇది. “మా ఆయన మీద ఆటలాడుతున్నారా?” అని అడిగినవాళ్లున్నారు. పోలిక లేకుండా ఏం తెలియదో కోవాక్సిన్ ట్రయల్‌లోనే చూడండి. విశ్లేషణలో లెక్కకు వచ్చిన 130 కోవిడ్ కేసుల్లో టీకా పడ్డవాళ్లవి 24, ఉత్తుత్తి సూది పడ్డవాళ్లవి 106. 24 అన్న అంకె ఒక్కటే ఉంటే అది ఎక్కువో తక్కువో చెప్పడానికి లేదు. పక్కన 106 ఉండబట్టే సుమారు 78 శాతం రక్షణ అని తేలింది. ఎవరికి ఏది పడిందో రోగికీ తెలియదు, చూసే డాక్టరుకూ తెలియదు. తెలిస్తే ఇద్దరి చూపూ మారుతుంది.

కాబట్టి ప్లాసిబో ఉండటం తప్పు కాదు. ఇప్పటికే ఉన్న వైద్యాన్ని ఆపించి ప్లాసిబో ఇవ్వడం వేరు, దానితో పాటు ఇవ్వడం వేరు. పెద్దనాన్నకు మెట్‌ఫార్మిన్ ఆగదు, అది మంచిదే. కానీ 8.4 దగ్గర ఉన్న మనిషి, ప్లాసిబో పడితే, ఆరు నెలలు ఇంకో మందు లేకుండా ఉంటారు. షుగర్ ఎంత దాటితే ఆగకుండా వేరే మందు మొదలుపెడతారో కాగితంలో అంకెతో సహా రాసి ఉండాలి. దీన్ని ‘రెస్క్యూ’ మందు అంటారు. అది రాసి లేకపోతే నేనైతే మా ఇంట్లోవాళ్లను చేరనివ్వను.

5. సంతకం పెట్టేటప్పుడు

కాగితం ఇంటికి తెచ్చుకుని చదివే హక్కు మీకుంది. “బస్సు దొరకదు, ఈరోజే పెట్టేయండి” అనే తొందరకు లొంగకండి. తెలుగులో రాసిన కాగితమే అడగండి. పెద్దనాన్న చదవలేని మనిషైతే, వివరిస్తున్నంతసేపూ ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి ఒకరు పక్కన కూర్చుని, చివర సంతకం చేయాలి. వేలిముద్ర పడ్డాక సాక్షిని పిలిచి సంతకం పెట్టిస్తే ఆ అంగీకారం చెల్లదు. పూర్తిగా కొత్త అణువు మీద ట్రయల్ జరుగుతూ, చేరే మనిషి ఒత్తిడికి లొంగే స్థితిలో ఉంటే, ఈ వివరణ అంతా ఆడియో, వీడియో రికార్డు చేయాలని 2019 నాటి కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు చెబుతున్నాయి. కెమెరా చూసి కంగారు పడవద్దు, అది మీ రక్షణకే.

సంతకాలయ్యాక ఒక ప్రతి మీకు ఇవ్వాలి. ఎథిక్స్ కమిటీ ఫోను నంబరు అందులో ఉందో లేదో అక్కడే చూసుకోండి. ఎప్పుడు మానుకున్నా కారణం చెప్పనక్కర్లేదు, మామూలు వైద్యం ఆపకూడదు.

6. చేరాక ఇంట్లో చేయాల్సింది

ట్రయల్ కార్డు ఇస్తారు. దాన్ని ఆధార్ కార్డు పక్కనే జేబులో పెట్టించండి. రాత్రివేళ కళ్లు తిరిగి పడిపోతే మీరు పరుగెత్తేది దేవరకొండ ఆసుపత్రికో నల్లగొండకో. అక్కడి డాక్టరుకు ఆయన ట్రయల్‌లో ఉన్నారన్న సంగతి ఆ కార్డు చూస్తేనే తెలుస్తుంది. ప్రాణం మీదికి వస్తే, ఆయనకు పడుతున్నది అసలు మందో ఉత్తుత్తిదో వెంటనే విప్పి చెప్పే ఏర్పాటు ప్రతి ట్రయల్‌లో ఉంటుంది. అందుకు కార్డు మీది నంబరుకు ఫోను చేయాలి.

మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో మాత్ర కొనుక్కున్నా, నాటు మందు తాగినా కోఆర్డినేటరుకు చెప్పించండి. పెద్దవాళ్లు తిడతారేమోనని దాస్తారు. తర్వాత రక్తపరీక్షలో కాలేయం లెక్కలు పెరిగితే నింద ట్రయల్ మందు మీద పడుతుంది, అసలు కారణం దొరకదు. మర్చిపోయిన మాత్రలు పారేయకుండా డబ్బాతో సహా తిరిగి ఇవ్వాలి, వాటిని లెక్కపెడతారు.

ఆసుపత్రిలో చేరాల్సినంత జబ్బు చేస్తే, అది మందు వల్ల కాదనిపించినా, వెంటనే తెలియజేయండి. విషయం తెలిసిన 24 గంటల్లోగా ట్రయల్ డాక్టరు నియంత్రణాధికారికి, కంపెనీకి, ఎథిక్స్ కమిటీకి నివేదించాలి. ఆ హాని ట్రయల్ వల్ల కాదని తేలేదాకా, లేదా వైద్యం అవసరమైనంతకాలం, వైద్యం ఉచితం. ట్రయల్ వల్లనే మరణం సంభవించిందని తేలితే పరిహారానికి సూత్రం ఉంది. ఎనిమిది లక్షల రూపాయల మూలధనాన్ని వయసు, చేరేనాటికి జబ్బు తీవ్రత బట్టి హెచ్చవేస్తారు. ఆ లెక్కలో వచ్చే మొత్తం తక్కువలో తక్కువ 4 లక్షలు, ఎక్కువలో ఎక్కువ 73.60 లక్షలు. చేరేటప్పటికే ఆరు నెలలకు మించి బతకరన్న రోగి విషయంలో తక్కువ, ఆరోగ్యవంతుడైన యువకుడి విషయంలో ఎక్కువ. వైద్య కాగితాలన్నీ ఒక ఫైలులో ఉంచకపోతే ఈ లెక్క తేలేటప్పుడు ఇబ్బంది పడేది కుటుంబమే.

7. ట్రయల్ ముగిశాక మందు ఎటు వెళుతుంది

26 వారాలు పూర్తవగానే మాత్ర షాపుల్లోకి రాదు. అన్ని ఆసుపత్రుల లెక్కలూ కలిపి, ఎవరికి ఏది పడిందో విప్పి, ఫలితాలను కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థకు దరఖాస్తుతో సమర్పిస్తారు. ఆ జబ్బు నిపుణుల కమిటీ చూసి సిఫారసు చేస్తే అమ్మడానికి అనుమతి వస్తుంది. అత్యవసర పరిస్థితిలో ఈ వరుస మారవచ్చు. కోవాక్సిన్‌కు దశ 3 ఫలితాలు రాకముందే 2021 జనవరి 3న పరిమిత అనుమతి ఇచ్చారు, ఆ నిర్ణయం మీద అప్పట్లో వాదోపవాదాలు చాలా జరిగాయి. పెద్దనాన్నకు ఆ మాత్ర మేలు చేసి, దానికి బదులు వేరే వైద్యం లేకపోతే, డాక్టరు సిఫారసుతో, ఎథిక్స్ కమిటీ ఆమోదంతో ట్రయల్ తర్వాత కూడా ఉచితంగా ఇచ్చే వీలు నిబంధనల్లో ఉంది. షుగర్‌కు వేరే మందులు చాలా ఉన్నాయి కాబట్టి ఆ ఆశ పెట్టుకోవద్దు.

అనుమతి వచ్చాక, అమ్మకంలో ఉన్న మందును గమనిస్తూ ఉండే దశ 4 ఉంటుంది. మనుషులు చాలకపోతే హాని కనిపించకుండా పోవచ్చని మూడో మెట్టులో చూశాం, కాలం చాలకపోయినా అంతే. రోఫెకాక్సిబ్ అనే కీళ్లనొప్పుల మందుకు అమెరికాలో 1999లో అనుమతి వచ్చింది, లక్షల మంది వాడారు. దాన్ని ఇంకో ఉపయోగం కోసం ప్లాసిబోతో పోల్చిన దీర్ఘకాల ట్రయల్‌లో, పద్దెనిమిది నెలలు దాటాక గుండెపోటు, పక్షవాతం ఎక్కువగా కనిపించాయి. 2004 సెప్టెంబరు 30న కంపెనీ దాన్ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. పద్దెనిమిదో నెలలో బయటపడే హానిని ఆరు నెలల ట్రయల్ చూపించే అవకాశం లేదు. అందుకే కొత్త మందుకు అనుమతి పొందిన కంపెనీ మొదటి రెండేళ్లు ఆరు నెలలకోసారి, తర్వాతి రెండేళ్లు ఏడాదికోసారి భద్రతా నివేదిక ఇవ్వాలి.

ఆ నివేదికల్లోకి మన జిల్లాల సమాచారం కూడా చేరాలంటే ఎవరో ఒకరు చెప్పాలి. ట్రయల్‌లో లేకపోయినా, డాక్టరు రాసిన ఏ మందు వల్లనైనా ఇబ్బంది వచ్చిందనిపిస్తే 1800-180-3024 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు. మందు పేరు, ఎప్పుడు మొదలుపెట్టారు, ఇబ్బంది ఎప్పుడు వచ్చింది, ఆపాక తగ్గిందా అని అడుగుతారు. ఫోను చేసేముందు మాత్రల అట్ట దగ్గర పెట్టుకోండి, బ్యాచ్ నంబరు దాని మీదే ఉంటుంది.